గారు తగిలిస్తే చాలు

ఆ ఫ్యాక్టరీలో కొరియా భాష వచ్చిన మనవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకావిడ చదివి నేర్చుకుంది, ఇంకొకతను విని నేర్చుకున్నాడు. చదువుకున్నావిడ దుభాషి. ఆరేళ్ళపాటు పుస్తకాలు అరగదీసి, పరీక్షలు రాసి, అత్తగారు "ఆ కిచకిచలు నేర్చుకుని ఎవరిని ఉద్ధరిస్తావే?" అని రోజూ దెప్పుతుంటే పళ్ళబిగువున భరించి, చివరికి మెడలో గుర్తింపు కార్డు వేసుకుని ఈ గేటులోకి వచ్చింది. విన్నవాడు ఇనపరేకులు నొక్కే ప్రెస్ షాపులో ఫిట్టరు. చెవిన పడ్డ మాటను పడ్డట్టే అప్పజెప్తాడని అందరూ అతన్ని టేపురికార్డర్ అంటారు. రెండేళ్ళు మిషను పక్కన నిలబడి కొరియా సూపర్‌వైజరు అరుపులు విన్నాడు, అంతే. ఒకరోజు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టాడు.

మొదట్లో ఆమెకది ముచ్చటగానే ఉండేది. "అక్కా, ఈ మాటకి అర్థమేంటి?" అంటూ క్యాంటీన్లో టీ మిషను దగ్గర పట్టుకునేవాడు. చెప్పేది. కానీ సూపర్‌వైజరుకి పనివాళ్ళతో ఏ అవసరం వచ్చినా "దుభాషిని పిలవండి" అనడం మానేసి "టేపురికార్డర్ని పిలవండి" అనడం మొదలుపెట్టాక ముచ్చట మాయమైంది. కడుపులో సన్నగా మంట మొదలైంది.

ఆ మంట మీద హెచ్చార్ ఆయన నెయ్యి పోశాడు. ఒక సోమవారం పొద్దున ఆమెను క్యాబిన్లోకి పిలిచి, పేపర్‌వెయిట్ తిప్పుతూ చెప్పాడు.

"వచ్చే నెల ఛైర్మన్ గారు హెడ్డాఫీసు నుంచి వస్తున్నారమ్మా. ప్రెస్ షాపు దగ్గర మన ఫిట్టరే స్వయంగా వాళ్ళ భాషలో మాట్లాడతాడు. ఫ్యాక్టరీ మేనేజరు గారి ఆలోచన. ఛైర్మన్ గారికి నచ్చితే వాడిని షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ చేస్తారు. షాపులో దుభాషి పని కూడా వాడే చూసుకుంటాడు."

"మరి నేను?"

"మీ కాంట్రాక్టు కూడా వచ్చే నెలకే అయిపోతుంది కదా. చూద్దాం." పేపర్‌వెయిట్ తిప్పడం ఆపాడు. "ఈలోగా వాడికి కాస్త మెరుగులు దిద్దండి. మీరంటే వాడికి భక్తి."

తన గొయ్యి తననే తవ్వుకోమన్నాడు, పైగా పార కూడా చేతికిచ్చాడు. ఆమె "సరే సార్" అని బయటికి వచ్చింది. ఈ ఉద్యోగం పోతే ఇంకో ఫ్యాక్టరీ లేదు. మళ్ళీ అత్తగారి వంటిల్లే, మళ్ళీ ఆ దెప్పుళ్ళే, ఈసారి వాటికి తిరుగు సమాధానం కూడా ఉండదు.

సాయంత్రం షిఫ్టు దిగగానే టేపురికార్డర్ పరుగున వచ్చాడు. చేతుల గ్రీజు ఇంకా పూర్తిగా వదల్లేదు. కొత్తగా కొన్న గీతల నోట్‌బుక్ చంకలో ఉంది.

"అక్కా, విన్నావా! ఛైర్మన్‌తో నేనే మాట్లాడాలంట. ఇన్‌ఛార్జ్ అయితే నాకింక రాత్రి షిఫ్టులుండవు. మా చిన్నది నాన్నని మొహం చూసి గుర్తుపడుతుంది." నవ్వాడు. "నువ్వే నిలబెట్టాలి. నాకు వచ్చిందంతా గాలివాటు చదువు."

"ఏం మాట్లాడతావో ఒకసారి అను చూద్దాం," అంది.

అతను నిటారుగా నిలబడి, గొంతు సవరించుకుని, "నారుల్ గిగ్యేగా గోఛొ," అన్నాడు.

ఆమెకి నవ్వాగలేదు. "ఒరేయ్, నువ్వు మిషన్ని బాగుచేస్తావా, మిషను నిన్ను బాగుచేస్తుందా?"

"నేనే కదా మిషన్ని చేసేది!"

"మరి నువ్వన్నది 'నన్ను మిషను బాగుచేస్తుంది' అని. మాటకి వెనక తగిలించే తోకల్లో ఉంది మతలబంతా. 'రుల్' అంటే మన 'ని' లాంటిది, పని ఎవరి మీద పడిందో చెప్తుంది. 'గా' తగిలిస్తే ఆ పని చేసింది అదీ అని. నువ్వు తోకలు తారుమారు చేశావు."

అతను నుదురు కొట్టుకున్నాడు. సూపర్‌వైజరు తన మాటలకి పొట్ట పట్టుకుని ఎందుకు నవ్వేవాడో ఇప్పుడు తెలిసింది. నవ్వి, చేతిలో ఉన్న బిస్కెట్ కూడా పెట్టేవాడు. చిన్నపిల్లాడు వచ్చీరాని మాటల్లో "ఒరేయ్ తాతా" అంటే ఎవరికి కోపం వస్తుంది?

ఆ 'ఒరేయ్' సంగతి దుభాషికి అప్పుడే తట్టింది. ఇతను నేర్చుకున్నది సూపర్‌వైజరు నోట్లోంచి. సూపర్‌వైజరు పనివాడితో మాట్లాడేది బాన్‌మల్. అంటే సాటివాళ్ళతో, చిన్నవాళ్ళతో, కింద పనిచేసేవాళ్ళతో వాడే మాట, మన 'నువ్వు, రా, పో' లాంటిది. ఆ భాషలో మర్యాద ఎక్కువగా వాక్యం చివర క్రియకి అంటుకుని ఉంటుంది. చివర 'యో' చేరిస్తే మర్యాద. 'మ్నిదా' అని ముగిస్తే సభామర్యాద. పెద్దవాళ్ళు చేసే పని గురించి చెప్తున్నప్పుడు క్రియ మధ్యలో ఇంకో ముక్క, 'షి', దూర్చాలి. పెద్దల ముందు 'నేను' అనే మాట కూడా మారాలి, 'నా' పోయి 'జొ' రావాలి. టేపురికార్డర్ దగ్గర వీటిలో ఒక్కటీ లేదు. ఇనుప సామానుల కొట్టులో పూలు దొరకవు కదా, అతను విన్నచోట మర్యాద లేదు, అందుకే అతని నోటా లేదు.

చెప్పడానికి ఆమె నోరు తెరిచింది కూడా. తెరిచి, మూసింది.

ఆ వారమంతా తోకలే నేర్పింది. ఒళ్ళు దాచుకోకుండా నేర్పింది, అది మాత్రం ఒప్పుకోవాలి. అచ్చుతో ముగిసే మాటకి 'గా', హల్లుతో ముగిస్తే 'ఇ'. అలాగే 'రుల్', 'ఉల్'. తర్వాత అసలు కష్టమైనది, 'నున్', 'ఉన్'.

"'నానున్' అంటే 'నా సంగతంటారా, నేనైతే' అన్నట్టు. మాట ఎత్తుకోవడానికి పనికొస్తుంది. వాళ్ళ సంగతి వేరు, నేను మాత్రం ఇదీ అని పక్కకి తీసి చెప్పడానికీ పనికొస్తుంది. 'ఎవరు చేశారు?' అని ఎవరన్నా అడిగితే మాత్రం 'నున్' పెట్టకు. 'గా' పెట్టు. 'నేనే చేశాను' అని ముందుకొచ్చి ఒప్పుకున్నట్టు."

"ఎవరు అంటే గా," అని రాసుకున్నాడు. మర్నాటికి దాన్ని మింగేసి వచ్చాడు. ఆ చెవి, ఆ పట్టు చూస్తే ఆమెకి అసూయతో పాటు గర్వం కూడా వేసింది, ఆ గర్వం వల్ల అసూయ రెట్టింపైంది. తనకి ఆరు నెలలు పట్టింది అది.

ఛైర్మన్ రాకకి నాలుగు రోజుల ముందు అతను కొంచెం దిగులుగా వచ్చాడు.

"అక్కా, సూపర్‌వైజరు ఇవాళ నవ్వుతూ నా నోటి వంక వేలు చూపించి 'యో, యో' అన్నాడు. వాళ్ళు మేనేజరుతో ఫోన్లో మాట్లాడేటప్పుడు చివర 'యో' అనీ 'మ్నిదా' అనీ అంటుంటారు. నేను కూడా అనాలా?"

టీ మిషను బుసకొట్టి ఆగింది. క్యాంటీన్లో వాళ్ళిద్దరే ఉన్నారు.

"అవి వాళ్ళలో వాళ్ళు ఫోన్లో, మైకులో అనుకునేవి," అంది దుభాషి. "ఆఫీసు భాష. నువ్విప్పుడు వాటి జోలికి పోతే ఉన్నది కాస్తా పోతుంది."

"మరి పెద్దాయన కదా, మర్యాద..."

"పేరుకి 'నిమ్' తగిలిస్తున్నావుగా? మన 'గారు' అదే. గారు తగిలిస్తే చాలు."

అతని మొహం విప్పారింది. "అంతేనా! నేనింకా ఎంత కంగారుపడ్డానో." నోట్‌బుక్ మూసి, లేచి, రెండు కప్పులూ తనే కడిగి పెట్టి వెళ్ళాడు.

ఇంత సునాయాసంగా వస్తుందనుకోలేదు ఆ అబద్ధం. ఆ రాత్రి ఆమెకి హాయిగా నిద్ర కూడా పట్టింది. పట్టకూడదని ఎంత అనిపించినా, జరిగింది అది.

అసలు విషం ఎక్కడుందో ఆమెకి బాగా తెలుసు. తోకలు తప్పుతూ మాట్లాడినన్నాళ్ళు అతను పసివాడు, ఏమన్నా చెల్లింది. ఇప్పుడు తోకలన్నీ ముత్యాల్లా కుదిరాయి. ఇంత భాష వచ్చినవాడికి మర్యాద రాదంటే ఎవరు నమ్ముతారు? రాదనుకోరు, ఇవ్వడంలేదనుకుంటారు.

ఛైర్మన్ వచ్చిన రోజు ప్రెస్ షాపు నేల అద్దంలా తుడిచారు. డెబ్బై దాటిన మనిషి, బక్కపలచన, తెల్ల హెల్మెట్ కింద చిన్న కళ్ళు. ఆయన నడిస్తే ఫ్యాక్టరీ మేనేజరు అరడుగు వెనక నడిచాడు. ఆ వెనక సూపర్‌వైజరు, హెచ్చార్ ఆయన, చివర దుభాషి. పనివాళ్ళు మిషన్ల పక్కన వరుసగా నిలబడ్డారు. టేపురికార్డర్ ఇస్త్రీ యూనిఫాంలో, తల దువ్వుకుని, మూడో ప్రెస్ ముందు ఉన్నాడు.

"అన్న్యొంగ్ హసేయో," అన్నాడు నడుం వంచి. ఆ నమస్కారం ఎవరికైనా వచ్చేదే, దానిలోని మర్యాద దానితోనే వస్తుంది. ఛైర్మన్ కళ్ళు నవ్వాయి. మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు.

తర్వాత టేపురికార్డర్ ఛాతీ విరుచుకుని, ఒక్క తోకా తప్పకుండా, గట్టిగా మొదలుపెట్టాడు.

"హ్వేజాంగ్‌నిమ్, చాల్ వాస్సొ!"

ఛైర్మన్ గారూ, బాగా వచ్చావు.

ఛైర్మన్ నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళల్లోంచి మాత్రం పోయింది. అతను ఆగలేదు. నేను ఈ మిషన్ని బాగుచేస్తా. ఈ మిషనుకి నేను తెలుసు, నాకు ఈ మిషను తెలుసు. నువ్వు నన్ను నమ్ము. చివరగా, ఆత్మీయంగా, తనకెంతో ఇష్టమైన వాక్యం. "హ్వేజాంగ్‌నిమున్ బాబుల్ మొగొస్సొ?" ఛైర్మన్ గారు, అన్నం తిన్నావా?

మేనేజరు మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడ్డాడు. సూపర్‌వైజరు నేల చూపులు చూశాడు. వరుసలో నిలబడ్డ పనివాళ్ళు మాత్రం మనోడు అదరగొట్టాడని చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఎవరికీ ఆపబుద్ధి కాలేదు, అవే కాసేపటికి చల్లారాయి.

ఛైర్మన్ మేనేజరు వైపు తిరక్కుండానే అడిగాడు. "నూగా గారుఛొన్నా?" ఎవరు నేర్పారోయ్? పెద్దాయన కింది అధికారిని అడిగే తీరు అది.

మేనేజరు సూపర్‌వైజరు వంక చూశాడు. టేపురికార్డర్‌కి మాత్రం ప్రశ్న అర్థమైంది. 'నూగా' అంటే ఎవరు. ఎవరు అంటే గా. వెలిగిపోతున్న మొహంతో దుభాషి వైపు చెయ్యి చాచాడు. "నూనాగా గారుఛొస్సొ!" అక్కే నేర్పింది.

అన్ని తలలూ ఆమె వైపు తిరిగాయి.

అప్పుడు ఒక్క మాట అనుంటే సరిపోయేది. 'జేగా' అని, అంటే 'గా' తగిలిన 'జొ'తో మొదలుపెట్టి, నేనే నేర్పాను, మర్యాద నేర్పకపోవడం నా తప్పు, ఇతనికి తెలియదు అని. ఛైర్మన్ నవ్వేసేవాడేమో కూడా. ఆమె రెండడుగులు ముందుకు వచ్చి, చేతులు పొట్ట మీద ఒకదానిపై ఒకటి పెట్టి, నడుం వంచింది.

"జొనున్ జొందెన్‌మల్‌బుతొ గారుఛొస్సుమ్నిదా," అంది.

నేనైతే ముందు మర్యాద మాటలే నేర్పానండి.

'నేనైతే'. అంతకన్నా ఇంకేమీ అనలేదు, అననక్కర్లేదు కూడా. ఆ 'నున్' ఆమెను పక్కకి తీసి శుభ్రంగా నిలబెట్టింది, అవతలివాడిని బురదలో వదిలేసింది. ఆరేళ్ళ చదువులో ఆమె అంత చక్కటి వాక్యం ఎన్నడూ అనలేదు. టేపురికార్డర్ పక్కనే నిలబడి, అక్క తన గురించి పెద్దాయనకి మంచి మాట చెప్తోందనుకుని, ఒక్కో ముక్కకీ తల ఊపాడు.

ఛైర్మన్ ఆమెను తేరిపార చూశాడు. తర్వాత ఫిట్టరు వైపు తిరిగి, సూటుకి మడత పడకుండా తల కొద్దిగా వంచి, మంచులాంటి గొంతుతో నిండు మర్యాదగా అన్నాడు. "సుగొ మానుష్యొస్సుమ్నిదా. ఇజే గా బొషిప్సియో."

రెండేళ్ళలో ఒక్క కొరియా మనిషీ టేపురికార్డర్‌తో అలా మాట్లాడలేదు. కుక్కని పిలిచినట్టు "ఇరి వా" అని పిలిచినవాళ్ళే అందరూ. అతని కళ్ళు చెమర్చాయి.

"అక్కా! 'మ్నిదా' అన్నారు. నాతో! ఏమన్నారు?"

"చాలా శ్రమపడ్డారు, ఇక మీరు వెళ్ళండి అన్నారు," అంది దుభాషి. ఆ అనువాదంలో అక్షరం తేడా లేదు.

మర్నాడు పొద్దునే అతన్ని లోడింగ్ యార్డుకి మార్చారు. అట్టపెట్టెలు మోసే పని, మూడు షిఫ్టులూ మారిమారి. కాగితంలో కారణం 'తలబిరుసుతనం' అని రాశారు. కొరియా భాషలో ఉన్న ఆ కాగితం చదివి వినిపించే పని కూడా దుభాషికే అప్పజెప్పాడు హెచ్చార్ ఆయన.

అతను గోడకి ఆనుకుని విన్నాడు.

"తప్పు నాదే అక్కా," అన్నాడు. "ఎక్కడో తోక తప్పుంటాను. అంతమందిలో నీ పేరు కూడా చెప్పి నీ పరువు తీశాను. ఏమనుకోకు."

"పర్లేదులే," అంది. పుండు మీద కారం జల్లడం అంటే ఏమిటో తెలియనివాళ్ళు ఆ 'పర్లేదులే' వినుంటే తెలిసేది.

కాంట్రాక్టు మూడేళ్ళకి పొడిగించారు. అత్తగారు పక్కింటావిడతో "మా కోడలు లేకపోతే ఆ ఫ్యాక్టరీ నడవదట" అని చెప్పుకుంది. అంతా సవ్యంగా ఉంది, ఒక్కటి తప్ప. ఇలాంటి అవమానం ఇంకోసారి జరగకూడదని హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. పనివాళ్ళందరికీ వారానికి రెండు రోజులు మర్యాద భాష నేర్పాలి. హాజరు తప్పనిసరి. నేర్పవలసింది దుభాషి.

శిక్షణ గదిలో మొదటి క్లాసుకి నలభై మంది వచ్చారు. లోడింగ్ యార్డు వాళ్ళు మొదటి బెంచీలో కూర్చున్నారు. వాళ్ళ మధ్య టేపురికార్డర్, అదే గీతల నోట్‌బుక్‌తో. ఆమెను చూసి నవ్వాడు. అలవాటైన నవ్వే.

తప్పించుకునే దారి లేదు. పాఠం కాగితం హెడ్డాఫీసు వాళ్ళే తయారుచేసి పంపారు, వెనక కుర్చీలో హెచ్చార్ ఆయన దాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఆమె బోర్డు మీద మొదటి వరుస రాసింది.

"పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు వాక్యం చివర 'యో' గానీ 'మ్నిదా' గానీ తప్పకుండా ఉండాలి," అని చదివింది. "లేకపోతే పెద్దవాళ్ళని నువ్వు అన్నట్టే."

మొదటి బెంచీలో పెన్ను ఆగింది.

"పేరుకి 'నిమ్' తగిలించినంత మాత్రాన..." ఆమె కాగితం వంక చూసింది. అక్కడ అలాగే రాసి ఉంది. "...సరిపోదు. పెద్దవాళ్ళు పని చేశారని చెప్పేటప్పుడు 'ఇ', 'గా' బదులు 'కెసొ' వాడాలి. క్రియలో 'షి' చేర్చాలి. మనల్ని మనం 'నా' అనకుండా 'జొ' అనాలి."

వెనక్కి తిరిగి చూడకూడదనుకుంది, చూసింది. టేపురికార్డర్ నోట్‌బుక్‌లో పాత పేజీలు తిప్పుతున్నాడు. ఒక్కో పేజీ, నిదానంగా. 'నిమ్ చాలు' అని రాసుకున్న చోట వేలు పెట్టి ఆగాడు. తర్వాత తలెత్తి బోర్డు చూశాడు, ఆమెను చూశాడు. ఆ రోజు ప్రెస్ షాపులో ఆమె నోట్లోంచి వచ్చిన వాక్యం కూడా అతనికి గుర్తుండే ఉంటుంది, విన్నది మరిచిపోయే చెవి కాదు అది. నవ్వు మొహం మీద నుంచి కొంచెం కొంచెంగా దిగిపోయింది.

"ఎవరైనా ఒక వాక్యం చెప్పించండమ్మా," అన్నాడు వెనక నుంచి హెచ్చార్ ఆయన. "ఊరికే రాసుకుంటే ఏం వస్తుంది?"

ఆమె ఎవరినీ పిలవలేదు. టేపురికార్డరే లేచాడు. చేతులు పొట్ట మీద ఒకదానిపై ఒకటి పెట్టుకుని, నడుం వంచి, మెల్లగా, స్పష్టంగా అన్నాడు.

"సొన్సేంగ్‌నిమ్‌కెసొ జొరుల్ గారుఛొ జుష్యొస్సుమ్నిదా."

టీచరుగారే నాకు దయతో నేర్పారండి.

కెసొ ఉంది. షి ఉంది. మ్నిదా ఉంది. 'నా' పోయి 'జొ' వచ్చింది, దాని వెనక రుల్ కుదురుగా ఉంది. అయిదు నిమిషాల కిందట విన్న పాఠం అది. ఆమె ఆ వాక్యాన్ని ఆ చివర నుంచి ఈ చివరికి వెతికింది, ఎక్కడన్నా ఒక్క తప్పు దొరికితే బావుండునని. దొరకలేదు.

"కరెక్టేనా అండీ, మేడమ్ గారూ?" అన్నాడు అతను. ఆ గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. "మీరు చెప్తేగానీ నాకు తెలీదు కదండీ."

ఇన్నాళ్ళూ ఆమె అతనికి అక్క, నువ్వు. గదిలో నలభై మందీ ఆమె వంక చూస్తున్నారు. హెచ్చార్ ఆయన అప్పుడే చప్పట్లు మొదలుపెట్టాడు.

"కరెక్టే," అంది దుభాషి.

"థాంక్సండీ," అని అతను కూర్చుని, పెన్ను తీసి, కొత్త పేజీలో తేదీ వేసుకున్నాడు. పాఠంలో ఇంకా నలభై నిమిషాలు మిగిలుంది.